మీడియన్ ఓటరు సిద్ధాంతంతో పార్టీ మేనిఫెస్టోను అంచనా వేయడం, ఆ అంచనా ఎక్కడ తప్పుతుందో వ్యాసంలో రాయడం

ఈ అంశం మీద వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం ఒకే అచ్చులో ఉంటాయి. "గెలవాలంటే రెండు పార్టీలూ మధ్యకు రావాలి" అని మొదటి సగం. "అయితే ఈ సిద్ధాంతానికి కొన్ని పరిమితులు ఉన్నాయి" అని రెండో సగం, దాని కింద వరసగా అయిదో ఆరో అంశాలు. రెండు సగాలకూ మధ్య సంబంధం ఉండదు. పరిమితుల జాబితాను పక్కవాడి వ్యాసంలో అతికించినా తేడా తెలియదు.

అసలు పని ఆ రెండు సగాలను కలపడంలో ఉంది. సిద్ధాంతం కొన్ని షరతుల మీద నిలబడింది. ఏ షరతు విరిగితే అంచనా ఎటు జరుగుతుంది, ఎంత జరుగుతుంది, అలా జరిగిందని ఏ ఆధారంతో చెప్పగలం అన్నదే వ్యాసం. అది ఎలా రాయాలో బ్రిటన్ లేబర్ పార్టీ 1983 నుంచి 1997 దాకా చేసిన ప్రయాణాన్ని పట్టుకుని చూద్దాం. సిద్ధాంతం ఘోరంగా తప్పిన ఎన్నిక, అచ్చంగా సరిపోయినట్టు కనిపించే ఎన్నిక రెండూ అందులోనే ఉన్నాయి. సరిపోయినట్టు కనిపించేదే ఎక్కువ ప్రమాదం.

మొదటి మెట్టు: రెండు వాదాలను విడదీయండి

మీడియన్ ఓటరు సిద్ధాంతం అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో నిజానికి రెండు వాదాలు ఉన్నాయి. మొదటిది డంకన్ బ్లాక్ 1948లో రాసింది. ఆయన మాట్లాడింది పార్టీల గురించి కాదు, కమిటీల గురించి. అభిప్రాయాలన్నీ ఒకే గీత మీద అమరి, ప్రతి సభ్యుడికీ తనకు బాగా నచ్చిన బిందువు ఒకటి ఉండి, దానికి ఏ పక్కకు దూరం జరిగినా ఇష్టం తగ్గుతూ పోతే, సరిగ్గా మధ్యలో ఉన్న సభ్యుడి బిందువును ముఖాముఖి ఓటింగ్‌లో ఏ ప్రతిపాదనా ఓడించలేదు. ఇది గణితం. షరతులు ఒప్పుకుంటే ఫలితం ఒప్పుకోక తప్పదు.

రెండోది ఆంథనీ డౌన్స్ 1957లో చెప్పింది. రెండు పార్టీలు ఉండి, రెండూ అధికారం కోసమే పోటీపడితే రెండూ ఆ మధ్య బిందువు దగ్గరికి చేరతాయన్నది ఆయన వాదం. దీని బీజం హెరాల్డ్ హోటెలింగ్ 1929 వ్యాసంలో ఉంది. ఒకే వీధిలో రెండు దుకాణాలు పక్కపక్కనే ఎందుకు చేరతాయో వివరిస్తూ ఆయన అమెరికా పార్టీలను కూడా ఉదాహరణగా తెచ్చారు. బ్లాక్ వాదానికి రెండు షరతులు చాలు. డౌన్స్ వాదానికి మరికొన్ని కావాలి: పార్టీలు రెండే ఉండాలి, అవి గెలుపు తప్ప ఇంకేమీ కోరకూడదు, ఓటర్లు ఎక్కడున్నారో వాటికి తెలియాలి, అందరూ ఓటు వేయాలి, ఓటర్లు విధానం చూసి మాత్రమే ఓటు వేయాలి.

ఈ విభజన వ్యాసం మొదటి పేజీలోనే కనబడాలి. పార్టీలు మధ్యకు రాకపోతే "సిద్ధాంతం తప్పు" అని రాసేస్తారు. బ్లాక్ చెప్పింది తప్పలేదు. డౌన్స్ అదనంగా చేర్చిన షరతుల్లో ఏదో ఒకటి విరిగింది. ఏది విరిగిందో కనిపెట్టడమే మీ పని.

రెండో మెట్టు: ఏడుగురు ఓటర్లతో చేతితో చేసి చూడండి

పెద్ద సమీకరణాలు అక్కర్లేదు. పన్నులు, ప్రభుత్వ ఖర్చు మీద అభిప్రాయాన్ని 0 నుంచి 100 దాకా ఒక గీతగా వేయండి. 0 అంటే పూర్తి ఎడమ, 100 అంటే పూర్తి కుడి. ఏడుగురు ఓటర్లు ఈ బిందువుల దగ్గర ఉన్నారనుకుందాం: 10, 25, 35, 40, 60, 85, 95.

బడి లెక్కల్లో నేర్చుకున్న మధ్యగతమే మీడియన్. ఇక్కడ అది నాలుగో ఓటరు, అంటే 40. సగటు మాత్రం 50. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం అన్నిటికంటే సాధారణమైన తప్పు. "మధ్యేవాదం" అన్న మాట విన్నప్పుడల్లా మనసు 50 దగ్గరికి, గీత నడిమధ్యకు పోతుంది. సిద్ధాంతం చెప్పేది గీత మధ్య కాదు, ఓటర్ల మధ్య. ఒక పార్టీ 40 దగ్గర, ఇంకోటి 50 దగ్గర నిలబడితే వాటి మధ్య సరిహద్దు 45. దానికి ఎడమ ఉన్న నలుగురు మొదటి పార్టీకి, కుడి ఉన్న ముగ్గురు రెండోదానికి వేస్తారు. 50 ఓడిపోయింది. 60 దగ్గరున్న ఓటరు 90కి జరిగినా సగటు పెరుగుతుందే గానీ మధ్యగతం 40 దగ్గర నుంచి కదలదు. అంచుల్లో ఉన్నవాళ్లు ఎంత గట్టిగా అరిచినా సిద్ధాంతం ప్రకారం అంచనా మారదన్నమాట.

ఇప్పుడు పార్టీలను కదిలించండి. ఎడమ పార్టీ 30 దగ్గర, కుడి పార్టీ 70 దగ్గర మొదలుపెట్టాయి. సరిహద్దు 50, ఎడమ పార్టీ 4-3తో ముందుంది. కుడి పార్టీ 42కు వచ్చిందంటే సరిహద్దు 36 అవుతుంది, ఇప్పుడు అది 4-3తో గెలుస్తుంది. ఎడమ పార్టీ 40కి వస్తుంది, మళ్లీ గెలుస్తుంది. కుడి పార్టీకి మిగిలిన దారి తానూ 40కి రావడమే. అక్కడ నుంచి ఎవరు కదిలినా ఓటమే. అదే సమతౌల్యం.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించండి, తర్వాత చాలా పనికొస్తుంది. ఇద్దరూ 40 దగ్గర నిలబడితే ఎవరు గెలుస్తారు? సిద్ధాంతం దగ్గర జవాబు లేదు. ఇద్దరికీ సమానమే. పార్టీలు ఏ విధానం ప్రకటిస్తాయో అది అంచనా వేస్తుంది గానీ ఎవరు గెలుస్తారో చెప్పదు.

మూడో మెట్టు: అంచనాను ఫలితం చూడకముందే రాయండి

అసలు దేశానికి వచ్చేసరికి గీతా, బిందువులూ ఎవరూ ఇవ్వరు. మీరే తెచ్చుకోవాలి. ఓటర్ల కోసం సర్వేలు ఉంటాయి. బ్రిటన్‌కైతే 1960ల నుంచి నడుస్తున్న బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ ఉంది. పార్టీల కోసం మేనిఫెస్టో ప్రాజెక్ట్ ఉంది. మేనిఫెస్టోను వాక్యాల ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కనూ ఒక వర్గంలో వేస్తారు. కుడి వర్గాల వాటాలోంచి ఎడమ వర్గాల వాటా తీసేస్తే −100 నుంచి +100 మధ్య ఒక అంకె వస్తుంది. ఈ అంకె పార్టీ దేని గురించి ఎక్కువ మాట్లాడిందో కొలుస్తుంది, ఎంత తీవ్రంగా చెప్పిందో కొలవదు. దాన్ని వాడితే ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పండి.

చేయకూడని పని ఒకటుంది. పార్టీలు ఎక్కడ నిలబడ్డాయో చూసి, "కాబట్టి మీడియన్ ఓటరు అక్కడే ఉన్నాడు" అని తేల్చి, ఆపైన "పార్టీలు మీడియన్ ఓటరు దగ్గరికి వచ్చాయి, సిద్ధాంతం నిజమైంది" అని రాయడం. గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం. చాలా వ్యాసాల్లో ఇది ఇంత బాహాటంగా ఉండదు. "గెలిచిన పార్టీ కాబట్టి ప్రజల నాడి పట్టుకుంది" అన్న వాక్యంలో దాక్కుని ఉంటుంది. ఓటర్ల స్థానానికి ఆధారం ఓటర్ల నుంచే రావాలి, పార్టీల స్థానానికి ఆధారం పార్టీల నుంచే రావాలి.

అంచనాను దిశగా రాయడం మేలు. "పార్టీ 43 దగ్గర నిలబడుతుంది" అని రాయడానికి మన కొలతలు అంత నాణ్యమైనవి కావు. "ఓడిన పార్టీ తర్వాతి మేనిఫెస్టోలో పన్నుల మీద కుడివైపు జరుగుతుంది, గెలిచిన పార్టీ ఉన్నచోటే ఉంటుంది లేదా ఎడమవైపు జరుగుతుంది, మధ్య దూరం తగ్గుతుంది" అని రాయండి. వీటిలో ఏది జరగకపోయినా మీరు తప్పని తేలుతుంది. తప్పని తేలే అవకాశం లేని వాక్యాన్ని అంచనా అనరు.

నాలుగో మెట్టు: కేసు మీద పెట్టి చూడండి

1983 లేబర్ మేనిఫెస్టో ఏకపక్ష అణు నిరాయుధీకరణ, యూరోపియన్ ఆర్థిక సమాజం నుంచి బయటికి రావడం, పరిశ్రమలను మళ్లీ ప్రభుత్వ యాజమాన్యంలోకి తేవడం వంటివి ప్రతిపాదించింది. ఆ పార్టీ ఎంపీ జెరాల్డ్ కౌఫ్‌మనే దాన్ని చరిత్రలోకెల్లా పొడవైన ఆత్మహత్య లేఖ అన్నాడు. లేబర్‌కు 27.6 శాతం ఓట్లు, 209 సీట్లు వచ్చాయి. కన్సర్వేటివ్‌లకు 42.4 శాతం, 397 సీట్లు.

ఇక్కడ నుంచి సిద్ధాంతం చెప్పే దిశ స్పష్టం: లేబర్ కుడివైపు జరగాలి. జరిగింది కూడా. నీల్ కిన్నక్ నాయకత్వంలో 1989 నాటికి ఏకపక్ష నిరాయుధీకరణను వదులుకున్నారు. టోనీ బ్లెయిర్ వచ్చాక 1995లో పార్టీ నియమావళి నాలుగో క్లాజులోని ఉమ్మడి యాజమాన్యం మాటను తీసేశారు. 1997 మేనిఫెస్టోలో ఆదాయపు పన్ను ప్రాథమిక రేటునూ, పై రేటునూ పెంచబోమని రాసిచ్చారు. మొదటి రెండేళ్లు కన్సర్వేటివ్ ప్రభుత్వం వేసిన ఖర్చు ప్రణాళికకే కట్టుబడి ఉంటామన్నారు. ప్రత్యర్థి బడ్జెట్‌ను మేనిఫెస్టోలో పెట్టుకోవడం కంటే డౌన్స్‌కు నచ్చే ఉదాహరణ దొరకదు. 1997లో లేబర్ 43.2 శాతంతో 418 సీట్లు గెలిచింది.

చాలామంది వ్యాసం ఇక్కడ ముగుస్తుంది: మధ్యకు వచ్చారు, గెలిచారు. ఇప్పుడు మనం పైన గమనించిన సంగతి గుర్తు చేసుకోండి. రెండు పార్టీలూ మధ్యలో కలిస్తే ఫలితం ఇంచుమించు సమానంగా రావాలి. 1997లో కన్సర్వేటివ్‌లకు వచ్చింది 30.7 శాతం. పన్నెండున్నర శాతం తేడా. ఇంత పెద్ద గెలుపు సిద్ధాంతానికి సాక్ష్యం కాదు, సమస్య. ఒక పార్టీయే మధ్యకు వచ్చి రెండోది రాకపోయి ఉండాలి, లేదా ఓటర్లు విధానం కాక ఇంకేదో చూసి ఓటు వేసి ఉండాలి. మీ వ్యాసంలోని పరిమితుల భాగం ఈ ప్రశ్న నుంచే పుట్టాలి.

అయిదో మెట్టు: ఒక్కో షరతును విరిచి, అంచనా ఎటు జరిగిందో చూపండి

పరిమితులన్నీ రాయకండి. మీ కేసులో నిజంగా పనిచేసినవి మూడో నాలుగో తీసుకుని ప్రతిదానికీ చోటు ఇవ్వండి. లేబర్ కథలో నేనైతే నాలుగింటిని చూస్తాను, నాలుగింటికీ ఒకే బరువు ఇవ్వను.

అన్నిటికంటే లోతైనది పార్టీ లోపలి ఓటరు. డౌన్స్ ఊహించిన పార్టీ ఒకే మనిషిలా ఆలోచిస్తుంది. అసలు పార్టీలో నాయకుడు ముందు లోపల గెలవాలి, ఆపైన బయట. 1980 లేబర్ మహాసభ ఏకపక్ష నిరాయుధీకరణకూ, యూరోపియన్ సమాజం నుంచి బయటపడటానికీ ఓటు వేసింది. 1981 జనవరిలో నాయకుణ్ని ఎన్నుకునే హక్కును ఎంపీల చేతిలోంచి తీసి కార్మిక సంఘాలకు 40 శాతం, ఎంపీలకు 30, నియోజకవర్గ పార్టీలకు 30 చొప్పున పంచారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఉపనాయకుడి పదవికి మితవాది డెనిస్ హీలీ, వామపక్షీయుడు టోనీ బెన్ తలపడితే హీలీ ఒక్క శాతం కంటే తక్కువ తేడాతో గట్టెక్కాడు. అంటే పార్టీ లోపలి మీడియన్ ఓటరు ఆ ఇద్దరి మధ్య సరిహద్దు మీదే కూర్చున్నాడు. దేశంలోని మీడియన్ ఓటరు అక్కడికి చాలా దూరంలో ఉన్నాడు.

గమ్మత్తేమిటంటే ఇది మీడియన్ ఓటరు తర్కాన్ని కొట్టేయదు, రెండుసార్లు వాడుతుంది. ఒకే సిద్ధాంతం లోపల ఒక బిందువును, బయట ఇంకో బిందువును చూపిస్తుంది. మేనిఫెస్టో ఆ రెంటి మధ్య ఎక్కడో పడుతుంది. కాబట్టి మీ సవరించిన అంచనా ఇలా ఉండాలి: నాయకుణ్ని, విధానాన్ని నిర్ణయించే వాళ్ల సంఖ్య, కూర్పు ఎటు మారితే మేనిఫెస్టో అటు జరుగుతుంది, బయటి ఓటర్లు కదలకపోయినా సరే. దీన్ని పరీక్షించవచ్చు. నియమాలు మారిన సంవత్సరాలు తెలుసు, మేనిఫెస్టోలు ఉన్నాయి.

దీనికి తోడుగా ఒక సున్నితమైన విషయం ఉంది. "పార్టీలకు సిద్ధాంత నిబద్ధత ఉంటుంది కాబట్టి మధ్యకు రావు" అని రాస్తారు. అది సగమే నిజం. రాండల్ కల్వర్ట్ 1985లో చూపించింది ఇదీ: పార్టీలకు విధానం మీద ఎంత మమకారం ఉన్నా, మీడియన్ ఓటరు ఎక్కడున్నాడో ఖాయంగా తెలిస్తే అవి మధ్యకే వస్తాయి, ఎందుకంటే ఓడిపోతే ప్రత్యర్థి విధానమే అమలవుతుంది. విధానం మీద మమకారమూ, ఓటరు ఎక్కడున్నాడన్న అనిశ్చితీ రెండూ కలిసినప్పుడే పార్టీలు విడిగా నిలబడతాయి. అప్పుడు తనకు నచ్చిన వైపు కొంచెం జరిగితే గెలిచే అవకాశం కాస్తే తగ్గుతుంది, గెలిస్తే దక్కేది మాత్రం పెరుగుతుంది. లేబర్ 1983, 1987, 1992 వరస ఓటముల తర్వాతే పూర్తిగా కదలడానికి ఇది ఒక వివరణ. ప్రతి ఓటమీ "ఓటర్లు నిజానికి మావైపే ఉన్నారు" అన్న వాదనకు చోటు తగ్గించింది. సిద్ధాంతంలో కాలం అనే మాటే లేదు. పద్నాలుగేళ్ల ఆలస్యాన్ని వివరించాలంటే ఇలాంటిదేదో బయటి నుంచి తెచ్చుకోక తప్పదు.

రెండోది మూడో పార్టీ. మన ఏడుగురు ఓటర్ల దగ్గరికి మళ్లీ వెళ్లండి. రెండు పార్టీలూ 40 దగ్గర ఉన్నాయి. మూడోది వచ్చి 42 దగ్గర నిలబడింది. 60, 85, 95 మూడూ దానికి పోతాయి. మిగిలిన నలుగురిని పాత పార్టీలు చెరి రెండు పంచుకుంటాయి. మూడు ఓట్లతో కొత్త పార్టీ గెలిచింది. మధ్యలో నిలబడటం ఇక క్షేమం కాదు.

1983లో మాత్రం కథ తిరగబడింది. లేబర్ మితవాదులు కొందరు 1981 మార్చిలో సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టి లిబరల్స్‌తో కలిశారు. ఆ కూటమి ఆక్రమించింది మధ్యనే. దానికి 25.4 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. కన్సర్వేటివ్‌ల ఓటు 1979లోని 43.9 నుంచి 42.4కు తగ్గింది, సీట్లు 339 నుంచి 397కు పెరిగాయి. బ్లాక్ సిద్ధాంతం ప్రకారం మధ్యలో ఉన్నది ముఖాముఖిలో ఎవరినైనా ఓడిస్తుంది. కానీ బ్రిటన్‌లో జరిగింది ముఖాముఖి కాదు; ప్రతి నియోజకవర్గంలో అందరూ ఒకేసారి నిలబడి, ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలిచే పోటీ. ఈ నియమం కింద మధ్యలో ఉన్నవాడు రెండు పక్కల నుంచీ కోత పడి మూడో స్థానానికి పోవచ్చు. వ్యాసంలో ఓట్లకూ సీట్లకూ మధ్య ఈ తేడాను విడిగా చెప్పండి. ఇంకో చిక్కు: మెజారిటీ నిర్ణయించేది నియోజకవర్గాలు కాబట్టి అసలు కీలకమైన ఓటరు దేశపు మీడియన్ కాదు, మధ్యస్థంగా ఉన్న నియోజకవర్గపు మీడియన్. రెండూ ఒకటే కావాలని లేదు.

మూడోది విధానంతో సంబంధం లేని ఓటు. పార్టీ ఏం చేస్తానంటోంది అన్నది కాక, చేయగలదా అన్నది. డోనల్డ్ స్టోక్స్ 1963లోనే ఈ అభ్యంతరం లేవనెత్తాడు: అవినీతి వద్దు, ఆర్థిక వ్యవస్థ బాగుండాలి అన్నవాటిలో ఎడమ, కుడి ఉండవు, అందరూ ఒకే కొసన ఉంటారు. 1992 సెప్టెంబరు 16న పౌండ్ యూరోపియన్ మారకపు రేటు వ్యవస్థలోంచి బయటపడింది. ఆర్థిక సమర్థత మీద కన్సర్వేటివ్‌లకున్న పేరు ఆ రోజుతో పోయింది. సర్వేల్లో లేబర్ ఆధిక్యం ఆ తర్వాత బాగా పెరిగింది, అదీ బ్లెయిర్ రాకముందు, జాన్ స్మిత్ నాయకుడిగా ఉన్నప్పుడే. నాలుగో క్లాజు ఇంకా కదలలేదు. "మధ్యకు వచ్చింది కాబట్టి గెలిచింది" అన్న వాక్యాన్ని ఈ ఒక్క తేదీ చాలా బలహీనం చేస్తుంది. ప్రత్యామ్నాయ వివరణను వ్యాసంలో ఇలా తేదీల వరసతో తెస్తే పరీక్షకుడికి మీరు నిజంగా ఆలోచించారని తెలుస్తుంది.

నాలుగోది ఇంటి దగ్గర ఉండిపోయే ఓటరు. మన ఏడుగురిలో ఎవరికైనా అతి దగ్గరి పార్టీ 30 కంటే ఎక్కువ దూరంలో ఉంటే ఓటు వేయరనుకుందాం. ఒక పార్టీ 35 దగ్గర, ఇంకోటి 40 దగ్గర. అందరూ ఓటేస్తే 40 దగ్గరున్నది 4-3తో గెలవాలి. కానీ 85, 95 ఇద్దరూ రారు. మిగిలిన అయిదుగురిలో 10, 25, 35 మొదటి పార్టీకి, 40, 60 రెండోదానికి. 3-2తో 35 గెలిచింది. మీడియన్ అన్నది ఓటర్ల జాబితాలో కాదు, ఓటు వేయడానికి వచ్చినవాళ్లలో లెక్కపెట్టాలన్నమాట. బ్రిటన్‌లో పోలింగ్ 1997లో 71.4 శాతం, 2001లో 59.4. పార్టీలు ఒకేలా కనిపిస్తే జనం రారన్న వాదనకు ఇది అనుకూలంగా కనిపిస్తుంది. ఫలితం ముందే తేలిపోయిందనుకున్నా జనం రారు. ఈ ఒక్క అంకెతో రెండింటినీ విడదీయలేం కాబట్టి ఈ అంశాన్ని వ్యాసంలో ఒక పేరాకు మించి సాగదీయొద్దు.

ఒకటి కంటే ఎక్కువ గీతలు ఉన్నప్పుడు ఏమవుతుందన్నది విడిగా పెద్ద అధ్యాయం. పన్నులతో పాటు యూరప్ కూడా వేరే గీతగా వస్తే సాధారణంగా ఓడించలేని బిందువే ఉండదని ప్లాట్ 1967లో, మెకెల్వీ 1976లో చూపించారు. మీ కేసులో రెండో గీత ఉందని చూపగలిగితేనే దీన్ని తీసుకురండి. 1990ల కన్సర్వేటివ్ పార్టీ యూరప్ మీద లోపల్లోపలే చీలిపోయింది కాబట్టి ఇక్కడ దానికి చోటుంది. ఏ ఆధారమూ లేకుండా "గందరగోళ సిద్ధాంతం ప్రకారం ఏదైనా జరగవచ్చు" అని రాస్తే, అంతకుముందు మీరు చేసిన అంచనాలన్నీ మీ చేత్తోనే చింపేసినట్టే.

ఆరో మెట్టు: పేరాలో ఎలా కనబడాలి

ఒక విద్యార్థి పేరా సాధారణంగా ఇలా ఉంటుంది:

"మీడియన్ ఓటరు సిద్ధాంతం ప్రకారం 1997లో లేబర్ మధ్యకు వచ్చి గెలిచింది. అయితే ఈ సిద్ధాంతం పార్టీ కార్యకర్తల పాత్రను, మూడో పార్టీలను, ఓటరు నిరాసక్తతను పట్టించుకోదు. కాబట్టి ఇది వాస్తవాన్ని పూర్తిగా వివరించలేదు."

ఇందులో తప్పు వాక్యం లేదు. ఏ సిద్ధాంతమూ వాస్తవాన్ని పూర్తిగా వివరించదు కాబట్టి చివరి వాక్యం ఏమీ చెప్పడం లేదు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు:

"1983 ఓటమి తర్వాత లేబర్ పన్నుల మీద కుడివైపు జరుగుతుందని సిద్ధాంతం అంచనా వేస్తుంది, 1997 మేనిఫెస్టో ఆ దిశను నిర్ధారిస్తుంది. కానీ అదే సిద్ధాంతం ప్రకారం పార్టీలు కలిసినప్పుడు ఓట్లు దగ్గరదగ్గరగా రావాలి, వచ్చింది 12.5 శాతం తేడా. లేబర్ ఆధిక్యం 1992 శరత్కాలంలోనే, అంటే బ్లెయిర్ తెచ్చిన మార్పులకు ముందే పెరిగింది కాబట్టి, ఆ తేడాలో కొంత భాగం కన్సర్వేటివ్‌ల సమర్థత మీద పోయిన నమ్మకానిదని వాదించవచ్చు. అందువల్ల ఈ కేసులో సిద్ధాంతం మేనిఫెస్టో దిశకు మంచి మార్గదర్శి, గెలుపు పరిమాణానికి కాదు."

చివరి వాక్యం చూడండి. సిద్ధాంతాన్ని పొగడలేదు, తిట్టలేదు. దేనికి పనికొచ్చిందో, దేనికి రాలేదో గీత గీసింది. "వాదించవచ్చు" అన్న మాట కూడా కావాలనే పెట్టింది, ఎందుకంటే తేదీల వరస కారణాన్ని సూచిస్తుందే గానీ రుజువు చేయదు.

ఇంకో జాగ్రత్త. మేనిఫెస్టో ప్రాజెక్ట్ కొలత ప్రకారం 1997లో లేబర్ మధ్యకు రావడమే కాదు, లిబరల్ డెమోక్రాట్లను దాటి వాళ్లకు కుడివైపుకు పోయింది. పార్టీలు ఒకదాన్నొకటి దాటవని డౌన్స్ అనుకున్నాడు, అలా దాటితే ఓటర్లకు నమ్మకం పోతుందని. ఈ ముక్కను వాడాలనుకుంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: నిజంగా దాటిందా, లేక మేనిఫెస్టోలో నేరాల అదుపు, ఆర్థిక క్రమశిక్షణల గురించి ఎక్కువ వాక్యాలు రాసినందుకు కొలత అలా చూపించిందా? మూడో మెట్టులో మీరు రాసిపెట్టుకున్న ఆ ఒక్క వాక్యం, ఈ కొలత మాటల వాటాను కొలుస్తుంది గానీ తీవ్రతను కాదన్నది, ఇక్కడ పనికొస్తుంది.